అరవై అయిదు దగ్గర ఆగిపోయిన చెయ్యి: ఆరేళ్ళ ష్నాప్సెన్

మా బావ రెండేళ్ళు వియన్నాలో ఉద్యోగం చేసి అనంతపురం తిరిగొచ్చాక నాకు నేర్పిన ఆట ఇది. పేరు ష్నాప్సెన్. ఆస్ట్రియాలో ఇంటింటా ఆడతారట. ఇద్దరే ఆడాలి. ఆరేళ్ళుగా దాదాపు ప్రతి ఆదివారం సాయంత్రం మిద్దె మీద, ఉడకబెట్టిన చెనక్కాయల గిన్నె పక్కన పెట్టుకుని ఆడుతున్నాం కాబట్టి దీని మంచీ చెడూ చెప్పే అర్హత నాకు వచ్చిందనుకుంటున్నా.

ప్రత్యేకంగా కొనాల్సిందేమీ లేదు. మామూలు పేక కట్టలోంచి రెండు నుంచి తొమ్మిది దాకా తీసేస్తే ఇరవై ముక్కలు మిగులుతాయి. ఆసుకు 11, పదికి 10, రాజుకు 4, రాణికి 3, జాకీకి 2. పది రాజు కంటే పెద్దదన్న సంగతి రమ్మీ అలవాటున్న చేతికి ఎక్కడానికి నాకు నెల పట్టింది. చేతికి అయిదేసి ముక్కలు పంచి, ఒక ముక్క తెరిచి తురుపు చూపిస్తారు. మిగతా తొమ్మిదీ దాని మీద అడ్డంగా బోర్లా పెడతారు. కొట్టిన ముక్కల విలువ కలుపుకుంటూ ముందు 66 చేరినవాడిది ఆ చెయ్యి. ఏడు గేము పాయింట్లతో మొదలుపెట్టి, గెలిచినప్పుడల్లా తగ్గించుకుంటూ సున్నాకి రావాలి.

కట్టలో ముక్కలున్నంతసేపు ఎదుటివాడు వేసిన రంగే వేయాలని లేదు. ఇద్దరూ చెరో ముక్క వేస్తే ఒక పట్టు. ప్రతి పట్టు తర్వాత ఇద్దరూ కట్టలోంచి ఒక్కో ముక్క తీసుకుంటారు. పట్టులో ముందు ముక్క వేసే వంతును ఎత్తు అంటాం. ఎత్తు నీదైనప్పుడు మూడు పనులు చేయొచ్చు. ఒకే రంగు రాజు, రాణి చేతిలో ఉంటే చూపించి "ఇరవై" అనాలి, తురుపు రంగైతే "నలభై". దీన్ని పెళ్ళి అంటారు. ఆ రెంటిలో ఒకటి వెంటనే వేయాలి. ఒక్క పట్టయినా కొట్టేదాకా ఆ పాయింట్లు లెక్కలోకి రావు. తురుపు జాకీ ఉంటే దాన్ని కింద పెట్టి, తెరిచి ఉన్న తురుపు ముక్క తీసుకోవచ్చు. మూడోది, తురుపు ముక్కను తిప్పి కట్ట మీద బోర్లా పెట్టేయడం. మేం "మూసేశా" అంటాం. ఆటంతా దీని మీదే నడుస్తుంది. ఆ క్షణం నుంచి కొత్త ముక్కలు రావు. వేసిన రంగే వేయాలి, వీలైతే కొట్టి తీరాలి, ఆ రంగు లేకపోతే తురుపు పెట్టాలి. మూసినవాడు చేతిలో ఉన్నవాటితోనే 66 చేరాలి. చేరకపోతే ఎదుటివాడికి రెండు గేములు. మూసే సమయానికి ఆ ఎదుటివాడు ఒక్క పట్టూ కొట్టకపోయి ఉంటే మూడు.

మొదటి ఏడాది నేను ఓడినవన్నీ దాదాపు ఈ మూసేయడం వల్లే. ఒకటి ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. బావ పంచాడు, ఎత్తు నాది. తురుపు ఆఠీన్, తెరిచి ఉన్నది ఆఠీన్ పది. నా దగ్గర ఆఠీన్ ఆసు, ఆఠీన్ జాకీ, ఇస్పేట్ రాజు, రాణి, డైమన్ ఆసు. జాకీ పెట్టి పది తీసుకున్నా. రెండు పెద్ద తురుపులు, ఒక ఆసు, ఒక పెళ్ళి! ఇంకేం కావాలని మూసేశా.

ఆఠీన్ ఆసు వేశా. బావ దగ్గర తురుపు లేదు, కళావర్ జాకీ పారేశాడు. 13. ఆఠీన్ పదికి ఇస్పేట్ జాకీ. 25. డైమన్ ఆసుకు డైమన్ జాకీ. 38. "ఇరవై" అని 58కి వచ్చి ఇస్పేట్ రాణి వేశా. బావ ఇస్పేట్ ఆసుతో కొట్టి కళావర్ రాణి ఎత్తాడు. నా చేతిలో మిగిలింది ఇస్పేట్ రాజొక్కటే. అయిపోయింది. బావకు మూడు గేములు.

"నాకు జాకీల పంట పండిందప్పా, నీదేం తప్పు" అని నవ్వాడు. తర్వాత అవే ముక్కలు మళ్ళీ పరిచి ఇంకో దారి చూపించాడు. ముందే "ఇరవై" అని రాణి పోగొట్టుకుని ఉంటే? తను ఏ ముక్క ఎత్తినా మిగతా నాలుగు పట్లూ నావే. నా ఆఠీన్ ఆసు, పది, డైమన్ ఆసు, ఇస్పేట్ రాజు కలిపి 36, తన రాణి, మూడు జాకీలు కలిపి 9. 45కి ఇరవై చేరిస్తే 65. ఒక్కటి తక్కువ! ఎటు ఆడినా పోయే చెయ్యి అది. నేను పెద్ద ముక్కల బలం చూశానే గానీ, వాటి మీద ఎదుటివాడు పారేసేవి అన్నీ జాకీలే అయితే ఎంతవుతుందని లెక్కేయలేదు.

అప్పట్నుంచి మూసే ముందు ఖాయంగా నావైన పట్లు చూసి, ఒక్కో దానికి నా ముక్క విలువకు రెండే కలుపుతా. పెళ్ళితో సహా 66 దాటితే భయం లేకుండా మూస్తా. నాలుగైదు తక్కువైతే ఆలోచిస్తా. అంతకంటే తక్కువైతే తెరిచే ఆడతా.

ఆ లెక్క పనిచేసిన చెయ్యి కూడా చెప్పాలి. ఈసారి తెరిచి ఉన్న తురుపు ఆఠీన్ రాజు. బావ డైమన్ జాకీ ఎత్తితే నేను డైమన్ పదితో కొట్టా, 12. కట్టలోంచి తీస్తే ఆఠీన్ జాకీ! చేతిలో అప్పటికే ఆఠీన్ ఆసు, రాణి, ఇస్పేట్ ఆసు, కళావర్ రాణి ఉన్నాయి. జాకీ ఇచ్చి రాజును తెచ్చుకున్నా. నలభై చేతికొచ్చింది. ఇక్కడ తొందరపడి నలభై అని రాణి వేస్తే, బావ దగ్గర ఆఠీన్ పది ఉంటే ఆ పట్టు పోతుంది. అందుకే ముందు మూసి, ఆఠీన్ ఆసు వేశా. పది ఉంటే ఆసు కింద పడక తప్పదు. లేదంటే ఇక దాని గొడవే లేదు. బావ ఏదో జాకీ వేశాడు, 25. నలభై అన్నా, 65. మళ్ళీ అదే అంకె! కానీ ఈసారి రాజును కొట్టేది ఏదీ లేదు. మూసేనాటికి బావకు ఒక్క పట్టూ లేదు కాబట్టి మూడు గేములు నావి.

మార్పిడి విషయంలో ఒక మాట. ముందు జాకీ మార్చి, తర్వాతే మూయాలి. మూసేశాక మార్చడానికి లేదు. ఎదుటివాడు ముందే మూస్తే కూడా మన జాకీ రెండు పాయింట్ల ముక్కగానే మిగిలిపోతుంది. దాచుకుందామని కూర్చుని ఇలా చాలాసార్లు పోగొట్టుకున్నా.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. లెక్కంతా నోట్లోనే నడవాలి, కాగితం మీద రాయకూడదు. 66 అయిందని తప్పుగా చెబితే గేములు ఎదుటివాడికి వెళ్ళిపోతాయి. టీవీ పెట్టుకుని ఆడితే పని జరగదు. పైగా చేతిలో పేక చూడగానే వచ్చినవాళ్ళందరూ "పాయింటు ఎంత?" అంటారు. మేం డబ్బు పెట్టమని చెబితే నమ్మరు.

అన్నిటికన్నా ఇబ్బంది ఒకటుంది. కట్టలో ముప్పై రెండు ముక్కలు కొత్తవిగానే ఉండిపోతే, ఈ ఇరవై నలిగిపోతాయి. మా పాత కట్టలో ఆఠీన్ పదికి ఒక మూల మడత పడింది. బావ కొన్ని వారాలు తెగ ధైర్యంగా మూస్తున్నాడేమిటా అని నేను ఆలోచిస్తుంటే, పక్కన చెనక్కాయలు ఒలుస్తున్న అక్క చెప్పింది: "నీ చేతిలో పది ఉందో లేదో వెనకనుంచే కనిపిస్తోందిరా." మర్నాడే కొత్త కట్ట కొన్నా.