డీఎంఎక్స్‌కి మూడు పిన్నులా, ఐదు పిన్నులా: ఏది మేలు?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు స్టేజీలకు లైట్లు కట్టేవాళ్లు తరచూ అడిగేది ఇదే. పిన్నుల లెక్క తర్వాత చూద్దాం, ముందు లోపలి తీగ సంగతి తేలాలి.

బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు మోసే డీఎంఎక్స్512 ప్రమాణం అడిగేది ఐదు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్. అయినా పని చేసేవి మూడే: 1 షీల్డ్, 2 డేటా మైనస్, 3 డేటా ప్లస్. 4, 5 దాదాపు ఎప్పుడూ ఖాళీయే. అందుకే చవక పార్ లైట్లకు మూడు పిన్నుల సాకెట్లు వచ్చాయి. వెలుగులో తేడా ఏమీ ఉండదు. చిక్కల్లా ఆ సాకెట్లో మైక్ కేబుల్ కూడా ఇట్టే పట్టేయడం.

మైక్ తీగ మోసేది 20 కిలోహెర్ట్జ్ దాకా ఉండే శబ్దం. డీఎంఎక్స్‌లో ఒక్కో బిట్ 4 మైక్రోసెకన్లే, సెకనుకు రెండున్నర లక్షల బిట్లు. దీనికి 120 ఓమ్‌ల ఇంపిడెన్స్ ఉన్న జంట తీగ కావాలి. మైక్ కేబుల్లో ఆ హామీ లేదు, చాలావాటిలో 60 చుట్టుపక్కలే. అలాంటి తీగ 120 ఓమ్‌ల లైనుకు కలిసిన చోట సిగ్నల్లో మూడో వంతు వెనక్కి కొట్టుకొస్తుంది. పైగా మైక్ కేబుల్ కెపాసిటెన్స్ ఎక్కువ, చదరంగా ఉండాల్సిన పల్స్ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.

ఎనిమిది పార్లను హాల్లో రెండేసి మీటర్ల మైక్ కేబుళ్లతో కలిపి చూస్తే అన్నీ వెలుగుతాయి. అలాంటి కేబుళ్లనే మైదానంలో, జనం వెనకున్న బోర్డు నుంచి 60 మీటర్లు లాగితే ఆరో లైటు మినుకుమంటుంది, ఎనిమిదోది చెప్పని రంగు చూపిస్తుంది. లైటు పాడైందని మారుస్తారు, జబ్బు మాత్రం కొత్త లైటుకూ వస్తుంది. చోటుకు అంటుకున్న జబ్బు లైటుది కాదు, లైనుది.

కొనేటప్పుడు తొడుగు మీద 110 లేదా 120 ఓమ్‌లు అని అచ్చు ఉందో చూడండి. మల్టీమీటర్ పెట్టి తేల్చుకుందామంటే కుదరదు, అది తీగ నిరోధాన్నే చూపిస్తుంది.

నా ఓటు: బోర్డు నుంచి స్టేజీ దాకా పొడవు లైను ఐదు పిన్నులది, పార్ నుంచి పార్‌కు మూడు పిన్నుల అసలైన డీఎంఎక్స్ కేబుల్. చీకట్లో హడావిడిగా కట్టే కుర్రాడు ఐదు పిన్నుల దాంట్లో మైక్ కేబుల్ గుచ్చలేడు. లైట్ల లైను పొరపాటున మిక్సర్‌కు తగిలి, మైకులకు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు వెళ్లి లైటులో చిప్ కాలే భయమూ తగ్గుతుంది. క్యాట్5 తీగా బాగానే నడుస్తుంది గానీ, రోజూ తొక్కి చుట్టే అద్దె సరుకుకు ఆగదు.

అడాప్టర్ మీరే కట్టుకోవచ్చు: 1కి 1, 2కి 2, 3కి 3. 4, 5 వదిలేయండి, షీల్డును కనెక్టర్ లోహపు తొడుగుకు అంటనివ్వకండి. సిగ్నల్ వెనక్కి కొట్టుకురాకుండా చివరి పార్ అవుట్‌కు పెట్టే టెర్మినేటర్ అంటే మేల్ కనెక్టర్లో 2, 3 మధ్య టంకం వేసిన 120 ఓమ్‌ల, పావు వాట్ రెసిస్టర్ ఒక్కటే.