జిమ్ ఆటో రెన్యువల్ ఆపాలంటే ఏది మేలు: ఆటోపే తీసేయడమా, మెయిల్ పెట్టడమా?

మా తమ్ముడు ఎంవీపీ కాలనీలో ఒక జిమ్‌కి వెళ్తున్నాడు. మూడు నెలలకి 4,500, నవంబర్ 10న యూపీఐ నుంచి దానంతటదే కట్ అవుతుంది. ఆఫీసు రుషికొండకి మారి నైట్ షిఫ్ట్ పడటంతో మానేద్దామనుకుని కౌంటర్లో చెప్తే "సరే సార్, చూస్తాం" అన్నారంట. "ఎందుకన్నయ్యా ఈ గొడవ, ఆటోపే తీసేస్తే అయిపోతుంది కదా" అని ఫోన్ చేశాడు.

తీసేయడం తేలికే. యాప్‌లో ఆటోపే లిస్టు తెరిచి, జిమ్ పేరు నొక్కి, రద్దు చేసి పిన్ కొడితే చాలు. కానీ దానివల్ల ఆగేది డబ్బు మాత్రమే, సభ్యత్వం కాదు. వాడు సంతకం పెట్టిన కాగితం చదివితే చివరి పేజీలో చిన్న అక్షరాల్లో మూడు మాటలున్నాయి: రెన్యువల్‌కి 15 రోజుల ముందే రాతపూర్వకంగా చెప్పాలి, నోటిమాట చెల్లదు, గడువు దాటాక చెప్తే ఆ మూడు నెలల ఫీజూ కట్టాల్సిందే. అంటే మెయిల్ అక్టోబర్ 26 లోపు చేరాలి. ఆటోపే ఒక్కటే తీసేసి ఊరుకుంటే 4,500 బాకీ అంటూ ఫోన్లు చేయడానికి వాళ్ళ చేతిలో కాగితం ఉంటుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. డబ్బు కట్ అయ్యే ముందు మెసేజ్ వస్తుంది కదా, అప్పుడు చూసుకుందాం అనుకుంటారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ మెసేజ్ కనీసం 24 గంటల ముందు పంపితే చాలు. అది నవంబర్ 9న వచ్చేసరికి జిమ్ గడువు దాటి రెండు వారాలవుతుంది!

కౌంటర్లో "ఫ్రీజ్ చేసుకోండి", అంటే సభ్యత్వాన్ని కొన్నాళ్ళు ఆపి ఉంచుకోండి, అని కూడా అంటారు. మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఉంటేనే అది పనికొస్తుంది, ఎందుకంటే రెన్యువల్ తేదీ వాయిదా పడుతుంది గానీ ఆటోపే అలాగే ఉంటుంది.

అందుకే నా ఓటు మెయిల్‌కే. సభ్యత్వం నంబరు, ఏ తేదీ నుంచి రద్దు అన్నది రాసి, కాగితంలో ఇచ్చిన అడ్రస్‌కే పంపాలి, ట్రైనర్ వాట్సాప్‌కి కాదు. మావాడు అక్టోబర్ 22న పంపి, అదే రోజు ఆటోపే కూడా తీసేసి స్క్రీన్‌షాట్ దాచుకున్నాడు. రెండు రోజులకి రద్దు చేశామని జవాబొచ్చింది.

గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే మాత్రం వరస మార్చండి, ముందు ఆటోపే, వెంటనే మెయిల్. కట్టేసిన డబ్బు వెనక్కి రాబట్టడం కన్నా మన దగ్గరున్న డబ్బు గురించి వాదించడం సులువు. వాడని మూడు నెలలకీ పూర్తి ఫీజు అడిగితే, నోటీసు రోజులకి లెక్కగట్టి ఎంతవుతుందో అంతే ఇస్తామని రాతలో అడగండి. రద్దు చేసుకోవడం కావాలని కష్టం చేయడాన్ని డార్క్ ప్యాటర్న్స్ పై, అంటే కొనేవాళ్ళని పక్కదారి పట్టించే ఎత్తుగడలపై, కేంద్రం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ కింద నిషేధించాయి. జిమ్ వాళ్ళు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అప్పుడు మొదట అడిగేది ఆ మెయిలే.