నిశ్చితార్థం ఉంగరానికి వీవీఎస్-1 మేలా, వీఎస్-2 మేలా?

నెల్లూరు ఆచారి వీధిలో వజ్రపు ఉంగరం అడిగితే చాలా చోట్ల మొదట చూపించేది, లోపలి మచ్చలు ఎంత తక్కువో చెప్పే గ్రేడుల్లో పైవైపు ఉండే వీవీఎస్ రాయే. "దోషం లేని రాయండీ" అంటారు. దోషం ఉన్న రాయి ఇంటికి అచ్చిరాదన్న నమ్మకం మనలో బలంగా ఉంది కాబట్టి ఆ మాటకు ఎవరైనా కట్టుబడిపోతారు. అసలు వీవీఎస్ అంటే దోషం లేదని కాదు. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ పెట్టి, చేయి తిరిగిన నిపుణుడు వెతికినా దొరకడం చాలా కష్టమని అర్థం.

వజ్రాలకు గ్రేడ్ వేసే జీఐఏ సంస్థ లెక్కలో మచ్చలేని ఎఫ్ఎల్ నుంచి మచ్చలు బాగా కనబడే ఐ-3 దాకా మొత్తం 11 మెట్లు. వీవీఎస్ కింద వీఎస్, దాని కింద ఎస్ఐ వస్తాయి. ఈ మెట్లన్నీ ఆ లూప్ కింద ఏం కనబడుతుందన్నదాన్ని బట్టే వేస్తారు. మనం ఉంగరాన్ని చూసేదేమో వట్టి కంటితో. తేడా అంతా ఇక్కడే వస్తుంది.

కావలిలో ఉండే మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి రెండు రాళ్లు చూశాం. రెండూ గుండ్రని కోతే, 50 సెంట్లు, అంటే అర క్యారెట్. రంగు గ్రేడ్ జి, కటింగ్ గ్రేడ్ ఎక్సలెంట్. ఒకటి వీవీఎస్-1, చెప్పిన ధర లక్షా 40 వేలు. రెండోది వీఎస్-2, లక్షా 5 వేలు. లూప్ పెడితే మొదటిదాంట్లో అంచు దగ్గర ఒక పిన్‌పాయింట్, అంటే సూదిమొన చుక్క, అదీ రాయిని అటూ ఇటూ తిప్పితేనే. రెండోదాంట్లో పక్క ముఖం కింద ఒక చిన్న తెల్లటి క్రిస్టల్, అంటే రాయి లోపల చిక్కుకున్న స్ఫటికం, కాస్త తేలికగానే దొరికింది. లూప్ తీసి, షాపు స్పాట్ లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గర నీడలో, తెల్ల కాగితం మీద పెట్టి జానెడు దూరం నుంచి చూస్తే ఏది ఏదో పిన్ని పోల్చుకోలేకపోయింది. నేనూ పోల్చుకోలేకపోయాను.

మెరుపులో తేడా లేకపోవడానికి కారణం ఉంది. రాయిలోకి వెళ్లిన వెలుగు కింది ముఖాల మీద పడి తిరిగి పైకి రావాలి. అది ఎంత బాగా వస్తుందన్నది ప్రధానంగా కోత కోణాలను బట్టి ఉంటుంది. అంత చిన్న చుక్క ఆ వెలుగుకు అడ్డుపడేది దాదాపు సున్నా. మరి ఆ 35 వేలు దేనికి? అలాంటి రాయి అరుదుగా దొరుకుతుంది కాబట్టి. అరుదైనదే కావాలనుకుంటే ఆ డబ్బు పెట్టండి, తప్పేమీ లేదు. అందం కోసమైతే మాత్రం వీఎస్-2 తీసుకోమనే చెబుతాను. మిగిలిన డబ్బు కటింగ్ మీదో బరువు మీదో పెడితే కంటికి కనబడుతుంది.

ఇంకో మెట్టు దిగి ఎస్ఐ-1 తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, కానీ ఇక్కడ గ్రేడ్ ఒక్కటే చూస్తే చాలదు. మచ్చ ఏ రకం, ఎక్కడుంది అన్నది చూడాలి. పైన చదునుగా ఉండే టేబుల్ నడుమ కింద నల్లటి క్రిస్టల్ ఉంటే, కింది ముఖాలు అద్దాల్లా పనిచేసి ఆ ఒక్క మచ్చనే నాలుగైదు చోట్ల చూపిస్తాయి. అదే సైజు మచ్చ తెల్లగా, అంచు వైపు ఉంటే వట్టి కంటికి కనబడటం కష్టం, రాయిని పట్టి ఉంచే ఉంగరపు కొమ్మ కిందకి పోనూవచ్చు. ఫెదర్ అనే సన్నటి చీలిక అలా అంచుదాకా వచ్చి ఉంటే మాత్రం రాయి బిగించే ఆచారికి ముందే చూపించాలి. సరిగ్గా దాని మీదే కొమ్మ నొక్కితే రాయి పెచ్చు లేచే ప్రమాదం ఉంది. ఇక క్లౌడ్ అంటే కంటికి ఆనని చుక్కల గుంపు. అది పలచగా ఉంటే పర్వాలేదు. రాయంతా పరుచుకుంటే మచ్చ కనబడకపోయినా పాలు కలిపినట్టు మసకబారుతుంది, మెరుపు చస్తుంది.

అందుకే సర్టిఫికెట్‌లో అక్షరాలతో ఆగిపోకుండా మచ్చల బొమ్మ కూడా చూడండి. లోపలి మచ్చలను ఎర్ర గీతలతో చూపుతారు. చిన్న రాళ్లకు ఇచ్చే కొన్ని రిపోర్టుల్లో బొమ్మ ఉండదు, మచ్చల పేర్లే ఉంటాయి. అప్పుడు షాపులోనే లూప్ అడిగి, ఏది ఎక్కడుందో చూపించమనండి.

వీఎస్-2 మేలన్న మాట గుండ్రని కోతకే. మెట్లు మెట్లుగా కోసిన ఎమరాల్డ్ కట్ రాయి కిటికీ అద్దంలా లోపలిదంతా చూపిస్తుంది కాబట్టి దానికి వీఎస్-1 అయినా ఉండాలి. రెండు క్యారెట్లు దాటిన రాళ్లకూ అంతే. ఏడు రాళ్ల కమ్మల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఒక్కో రాయి పది సెంట్లు కూడా ఉండదు, చెవికి పెట్టుకుంటే చూసేవాళ్లు మూరెడు దూరంలో ఉంటారు. వాటికి వీవీఎస్ ధర కట్టడం కంటే పద్నాలుగు రాళ్లూ ఒకే రంగులో, ఒకే కోతలో కుదిరాయో లేదో చూసుకోవడం మేలు. ఒక్క రాయి పసుపు తిరిగినా, వెలుగు ఇవ్వకుండా చచ్చుగా ఉన్నా, అది లూప్ లేకుండానే కనబడుతుంది.