లోన్ వడ్డీ సర్టిఫికెట్: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

ఇంటి లోన్ మీద చాలా ఏళ్ళుగా, అమ్మాయి ఎమ్మెస్ లోన్ మీద ఈమధ్య, ప్రతి సంవత్సరం బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్‌తోనే పన్ను మినహాయింపు తీసుకుంటున్నాను. కాగితం ఒక్క పేజీ, నెట్ బ్యాంకింగ్‌లో క్షణంలో డౌన్‌లోడ్ అవుతుంది, ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు. కానీ అందులో కనిపించిన అంకెను యథాతథంగా రిటర్న్‌లో వేసేయొచ్చా అంటే, చాలాసార్లు కుదరదు. ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకీ, చదువు లోన్ వడ్డీకీ మినహాయింపు లేదు.

ముందు ఇంటి లోన్. దీనికి సర్టిఫికెట్ రెండు రకాలుగా వస్తుంది. ఏప్రిల్ నుంచే దొరికేది ప్రొవిజనల్. అంటే ఈ ఏడాదంతా ఈఎంఐలు ఇలాగే కడతారు, వడ్డీ రేటు ఇలాగే ఉంటుంది అనుకుని బ్యాంకు వేసిన అంచనా. మార్చి 31 దాటాక వచ్చేది ఫైనల్. ఆఫీసులో ప్రూఫులు డిసెంబర్, జనవరిలో అడుగుతారు కాబట్టి అక్కడికి వెళ్ళేది ఎప్పుడూ ప్రొవిజనలే, ఫారం 16లో ఎక్కేదీ ఆ అంకే.

మా లెక్క కాస్త రౌండ్ చేసి చెప్తాను. 40 లక్షల లోన్, 8.5 శాతం, 20 ఏళ్ళు, ఈఎంఐ దాదాపు 34,700. మొదటి పూర్తి ఏడాదికి ప్రొవిజనల్‌లో వడ్డీ సుమారు 3,37,000 అని వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ మొదట్లో చిట్టీ డబ్బులు చేతికొస్తే 5 లక్షలు లోన్‌కి కట్టేశాం. 5 లక్షల మీద 8.5 శాతం, ఆరు నెలలకి, అంటే 21,250 దాకా వడ్డీ తగ్గింది. ఫైనల్ సర్టిఫికెట్‌లో 3,15,000 చిల్లర చూపించింది. ఇద్దరం ఉద్యోగులం, ఇల్లు, లోన్ రెండూ ఇద్దరి పేరా ఉన్నాయి, సగం సగం కడతాం. ప్రొవిజనల్ ప్రకారం ఒక్కొక్కరికి 1,68,500 రావాలి, ఫైనల్ ప్రకారం 1,57,000 పైచిలుకే వస్తుంది. రిటర్న్‌లో వేయాల్సింది రెండోది. 20 శాతం శ్లాబులో ఒక్కొక్కరి మీద పడే తేడా రెండు వేల పైన, అంతే. పెద్ద మొత్తం కాదు గానీ, రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఫైనల్ కాగితమే కదా. పార్ట్ పేమెంట్ చేయకపోయినా ఈ తేడా రావచ్చు. 2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును మొత్తం ఒక శాతం తగ్గించింది, రెపోకి ముడిపడ్డ లోన్ ఉన్నవాళ్ళకి ఏప్రిల్‌లో తీసిన ప్రొవిజనల్ అంకె ఆ తర్వాత నిలిచే అవకాశం తక్కువ. అందుకే నేను ప్రూఫులు ఇచ్చే వారంలోనే తాజాగా మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తాను.

ఇంకోటి, జాయింట్ లోన్ అయినా సర్టిఫికెట్ మీద ఇద్దరి పేర్లూ వేసి వడ్డీ మాత్రం మొత్తం ఒకే అంకెగా ఇస్తారు, ఎవరి వాటా ఎంత అని బ్యాంకు విడదీయదు. దాంతో రెండు ఆఫీసుల్లోనూ పూర్తి మొత్తమే కనిపిస్తుంది. మేం వాటా రాసి ఇద్దరం సంతకం పెట్టిన చిన్న డిక్లరేషన్ జతచేస్తాం. సొంతంగా ఉంటున్న ఇంటికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 24(బి) కింద ఒక్కొక్కరికి 2 లక్షలు పరిమితి, కాబట్టి ఒక్కరే క్లెయిమ్ చేస్తే మా మొదటి ఏడాది వడ్డీలో 1,15,000 దాకా వృథాగా పోయేది. అయితే లోన్‌లో పేరుంటే చాలదు, ఇంటి రిజిస్ట్రేషన్‌లో కూడా పేరుండాలి. చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది.

లోన్‌ని వేరే బ్యాంకుకి మార్చుకునేవాళ్ళు పాత ఖాతా మూసే ముందే అప్పటివరకూ కట్టిన వడ్డీకి సర్టిఫికెట్ తీసి దాచుకోండి. ఆ ఏడాదికి రెండు బ్యాంకుల కాగితాలూ కలిపితేనే పూర్తి లెక్క. మేం మార్చాక పాత బ్యాంకు యాప్‌లో లోన్ ఖాతానే మాయమైంది, బ్రాంచికి వెళ్తే హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టండన్నారు, మెయిల్ పెడితే బ్రాంచికి వెళ్ళమన్నారు. కాగితం చివరికి వచ్చింది, ఓపిక పోయాక.

ఇక చదువు లోన్. చూడ్డానికి సర్టిఫికెట్ అలాగే ఉంటుంది గానీ చదివే పద్ధతి పూర్తిగా వేరు. ఇంటి లోన్‌లో ఆ ఏడాదికి కట్టాల్సిన వడ్డీని లెక్కలోకి తీసుకోవచ్చు, ఒక ఈఎంఐ ఆలస్యమైనా ఆ వడ్డీ పోదు. చదువు లోన్‌కి వర్తించే అదే చట్టంలోని సెక్షన్ 80ఈలో మాత్రం నిజంగా కట్టిన వడ్డీకే మినహాయింపు. అసలుకి ఏమీ రాదు, వడ్డీకి గరిష్ఠ పరిమితి కూడా లేదు. మా అమ్మాయి లోన్ 20 లక్షలు, 10 శాతం. చదువు నడుస్తున్న ఏడాది సర్టిఫికెట్‌లో విధించిన వడ్డీ 2,00,000, చెల్లించిన వడ్డీ 60,000 అని రెండు వరసలు వచ్చాయి. పెద్ద అంకె మీదకే కన్ను పోతుంది, క్లెయిమ్ చేయాల్సింది మాత్రం 60,000. ఈఎంఐలు ఇంకా మొదలుకాని మారటోరియంలో ఏమీ కట్టని ఏడాదికి సర్టిఫికెట్‌లో లక్షలు కనిపించినా మినహాయింపు సున్నా.

వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది, దాని తర్వాత ఏడేళ్ళు, మొత్తం ఎనిమిదేళ్ళే ఈ అవకాశం. అందుకని మారటోరియంలో కట్టకుండా ఆగితే ఈఎంఐల కాలమంతా మినహాయింపు దొరుకుతుంది కదా అని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. నాకు ఆ లెక్క నచ్చలేదు. కట్టని వడ్డీ తర్వాత అసలులో కలిసి దానిమీద మళ్ళీ వడ్డీ పడుతుంది, పైగా చదువుకునే రోజుల్లోనే వడ్డీ కడుతుంటే కొన్ని బ్యాంకులు రేటు కాస్త తగ్గిస్తాయి కూడా. చివరి ఏళ్ళ ఈఎంఐలో ఎలాగూ వడ్డీ తక్కువే, దానిమీద పోయే మినహాయింపు కోసం ఇప్పుడు అప్పు పెంచుకోవడం ఎందుకు?

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఒకటి గమనించండి. 80ఈ కింద క్లెయిమ్ చేసే మనిషి ఆ లోన్ తీసుకున్నవాళ్ళలో ఉండాలి, ఇక్కడ పన్ను పడే తన ఆదాయంలోంచి కట్టాలి. అమ్మాయి ఉద్యోగంలో చేరి డాలర్లు పంపితే, వాటితో ఈఎంఐ కట్టి నేను మినహాయింపు తీసుకోవడం నిబంధనకి సరిపోదు. మేం అందుకే నా జీతం పడే ఖాతా నుంచే ఈఎంఐ పోయేలా పెట్టాం, ఆమె పంపేది వేరే ఖాతాలో ఉంటుంది. సర్టిఫికెట్ మీద మొదట అమ్మాయి పేరొక్కటే వచ్చింది, సహ రుణగ్రహీతగా నా పేరు కూడా వేసివ్వమని బ్రాంచిలో రాసిచ్చి తెచ్చుకున్నాను.

2024-25 ఆదాయానికి వేసిన రిటర్న్‌లో రెండు లోన్లకీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, లోన్ మంజూరైన తేదీ, మొత్తం లోన్, మార్చి 31 నాటి బాకీ కూడా అడిగారు. మాకొచ్చే సర్టిఫికెట్‌లో మంజూరు తేదీ, బాకీ ఉండవు. వాటికోసం లోన్ స్టేట్‌మెంట్, శాంక్షన్ లెటర్ కూడా పక్కన పెట్టుకుని కూర్చోండి, లేకపోతే సగంలో లేచి బీరువా వెతకాల్సి వస్తుంది.