లిపిడ్ టెస్ట్: ఏటా చేయించడం మేలా, అయిదేళ్లకోసారి చాలా?

నేను పనిచేసే ల్యాబ్‌కి ఏటా పుట్టినరోజు దగ్గర పడగానే ఒకాయన లిపిడ్ టెస్ట్‌కి, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్షకి వస్తారు. వయసు 36. సిగరెట్ అలవాటు లేదు, బీపీ లేదు, షుగర్ లేదు, బరువు కూడా అదుపులోనే ఉంది. నీలం రంగు ఫైల్లో నాలుగేళ్ల రిపోర్టులు వరుసగా పెట్టుకుంటారు. ఎల్‌డీఎల్, అంటే మనం చెడ్డ కొలెస్ట్రాల్ అనేది, మొదటి ఏడాది 121. తర్వాత 138. ఆ పై ఏడు 117. ఈసారి 129. (ఈ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో.) 138 వచ్చిన ఏడాది ఆయన తిండి సగం చేసేశారట. 117 రాగానే పడిన కష్టం ఫలించిందనుకున్నారు. ఈసారి 129 చూసేసరికి మళ్లీ టెన్షన్. "ఇకమీదట ఆరు నెలలకోసారి చేయించుకోమంటారా?" అని అడిగారు.

ఆయనకు చెప్పిన సమాధానమే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఇది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల గురించి మాత్రమే. కొలెస్ట్రాల్ మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ల లెక్క వేరు.

ఒకే మనిషి రక్తం ఈ రోజు తీసి, మళ్లీ రెండు వారాలకు తీస్తే ఎల్‌డీఎల్ ఒకే అంకె రాదు. మధ్యలో ఆ మనిషి ఏమీ మార్చుకోకపోయినా రాదు. శరీరంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గులే 8 శాతం దాకా ఉంటాయి. దానికి మెషిన్ వైపు నుంచి వచ్చే తేడా ఇంకో 3, 4 శాతం కలుస్తుంది. నిలబడి ఉన్నవాడు వచ్చి కూర్చోగానే వెంటనే సూది వేస్తే ఒక అంకె, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి తీస్తే దానికంటే కాస్త తక్కువ అంకె వస్తాయి. నిలబడి ఉన్నప్పుడు రక్తంలోని నీరు కొంత బయటి కణజాలంలోకి దిగి, మిగిలింది చిక్కబడుతుంది. చేతికి కట్టిన రబ్బరు పట్టీ ఎక్కువసేపు ఉంచినా ఇదే జరుగుతుంది.

ఇవన్నీ కలిపి లెక్క వేస్తే, రెండు రిపోర్టుల మధ్య సుమారు 25 శాతం తేడా ఉంటేనే "ఇది నిజమైన మార్పు" అని గట్టిగా అనగలం. మన ఫైలాయన సగటు 126. అందులో 25 శాతం అంటే 31 పాయింట్లు. ఆయన నాలుగు రిపోర్టుల్లో అన్నిటికంటే పెద్ద తేడా 138కీ 117కీ మధ్య ఉన్న 21. అంటే ఆయన కష్టపడి దించుకున్నాననుకున్నది కూడా చాలావరకు రక్తం తనంతట తాను ఊగిన ఊపే అయి ఉండొచ్చు. తిండి తగ్గించడం వల్ల ఏమీ జరగలేదని నేననడం లేదు, ఈ అంకెల నుంచి మాత్రం అది తేలదు. పెద్ద అంకె వచ్చిన తర్వాత చేసిన టెస్టులో అది తగ్గి కనిపించడం మామూలే. మధ్యలో వాడిన పొడికో, పాటించిన నియమానికో ఆ పేరు దక్కుతూ ఉంటుంది.

ఇప్పుడు నిజంగా మారే వేగం చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎల్‌డీఎల్ ఇరవైల నుంచి నడివయసు దాకా మెల్లగా పెరుగుతుంది. సగటున ఏడాదికి ఒకటి రెండు పాయింట్లకు మించదు. ఒకటి రెండు పాయింట్ల కదలికను, అటూ ఇటూ పదీ పదకొండు పాయింట్లు ఊగే కొలతతో ఏటా పట్టుకోవాలనుకోవడం, చంటిపిల్ల ఎదుగుదలను రోజూ సాయంత్రం మూరతో కొలిచినట్టు ఉంటుంది. ఏటా చేసే టెస్ట్ మీద నాకున్న అభ్యంతరం ఇదే. ఖర్చు సంగతి అటుంచండి. ఏటా చేయించుకుంటే ఎప్పుడో ఒకసారి, ఏ కారణం లేకుండానే, గీత దాటిన అంకె వస్తుంది. రిపోర్టులో దాని పక్కన నల్లటి అక్షరాల్లో 'ఎక్కువ' అని పడుతుంది. అదే టెస్టులో కనిపించే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్ల సంగతైతే మరీ. అవి ఒకే మనిషిలో 20 శాతం పైనే ఊగుతాయి.

అయితే అయిదేళ్లకోసారి అనే పద్ధతి ఎక్కడిది? అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు 20 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ ఒకసారి లిపిడ్ టెస్ట్ చేసి, రిస్క్ తక్కువ ఉన్నవాళ్లకు 4 నుంచి 6 ఏళ్లకోసారి మళ్లీ చూడమంటాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ నడిపే హెల్త్ చెక్ 40 నుంచి 74 ఏళ్ల మధ్యవాళ్లకు అయిదేళ్లకోసారి పిలుపు పంపుతుంది. విరామం విషయంలో ఇద్దరూ దాదాపు ఒకే మాట మీద ఉన్నారు. తేడా అంతా మొదలుపెట్టే వయసులో ఉంది: 20కా, 40కా?

నలభై అనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ఇరవై అయిదేళ్ల మనిషికి వచ్చే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువున్నా ఆ వయసులో మందు మొదలుపెట్టేది అరుదు. కొత్త సమాచారంతో ఏ నిర్ణయమూ మారనప్పుడు టెస్ట్ ఎందుకు? ఇరవైలు, ముప్ఫైల వాళ్లందరికీ టెస్ట్ చేస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికాలోనే నివారణ వైద్య నిపుణుల బృందం 2016లో తేల్చింది.

అయినా నా ఓటు ఇరవైకే, అదీ ఒక్కసారికి. కారణం వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్. ఇది సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. వీళ్ల కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను సరిగా లాగేసుకోలేదు కాబట్టి పుట్టినప్పటి నుంచే అది ఎక్కువ. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, సన్నగా చలాకీగా కూడా ఉండొచ్చు. నలభై దాకా ఆగితే కొందరికి మొదటి లక్షణం గుండెపోటే అవుతుంది. ఇలాంటివాళ్లలో ఎల్‌డీఎల్ తరచుగా 190 దాటుతుంది. 190 అన్నది మామూలు ఊపులో 120 నుంచి ఎగిరిపడే అంకె కాదు కాబట్టి ఒక్క టెస్ట్‌లోనే అనుమానం వస్తుంది. రెండోసారి చేసి, థైరాయిడ్, కిడ్నీ బాగున్నాయో లేదో చూసి, ఇంట్లో మిగతావాళ్లకు కూడా టెస్ట్ చేయాలి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. దాన్ని చూడకుండా కొలెస్ట్రాల్ మందు రాయడం తొందరపాటు.

నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే ఇరవై దాకా కూడా ఆగనక్కర్లేదు. ఆ ఇంట్లో పిల్లలకే చేయించాలి.

ఇక రెండు పద్ధతుల మధ్య నేను చెప్పే మూడో దారి ఒకటుంది. క్యాలెండర్ చూసి కాదు, గీతకు ఎంత దూరంలో ఉన్నారో చూసి తర్వాతి టెస్ట్ తేదీ పెట్టుకోవాలి. ముప్ఫైల్లో ఉన్న ఆరోగ్యవంతుడికి గీతలు రెండే అనుకోండి, 160, 190. 126 సగటు ఉన్న మన ఫైలాయన 160కి 34 పాయింట్ల దూరంలో ఉన్నారు. ఏడాదికి ఒకటి రెండు పాయింట్ల చొప్పున పెరిగినా అయిదేళ్లకు ఆయన అక్కడికి చేరరు. ఆయనకు అయిదేళ్లు నిశ్చింత. 130, 150ల మధ్య ఉంటే మూడేళ్లు పెట్టుకోమంటాను. 160 దాటి వస్తే ఏడాది కాదు, కొన్ని వారాల్లోనే మళ్లీ చేయించి రెండింటి సగటు చూడమంటాను. అప్పుడూ అంతే ఉంటే ఏటా చూడటంలో అర్థం ఉంది.

ఆ సగటు మాట చిన్నదిగా తీసుకోకండి. అయిదేళ్లలో అయిదు టెస్టులు ఏడాదికొకటి చొప్పున చేయించడం కంటే, అయిదేళ్లకోసారి రెండు వారాల తేడాతో రెండు చేయించుకుంటే నాకు ఎక్కువ తెలుస్తుంది. రెండింటి సగటు తీస్తే ఊపు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇప్పటి సగటునూ అయిదేళ్ల తర్వాతి సగటునూ పోల్చినప్పుడు, 31 పాయింట్ల తేడా అవసరమైన చోట 22 సరిపోతుంది. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో ఇవ్వాలన్నది మాత్రం షరతు. పరగడుపునా, తిన్నాకా అన్న గొడవ ఇక్కడ పెద్దది కాదు. తిన్నాక చేసినా ఎల్‌డీఎల్ పెద్దగా మారదు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అవి 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయాలి, ఎందుకంటే ఆ స్థాయిలో మామూలు సూత్రంతో లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ను నమ్మలేం.

నలభై దాటాక లెక్క కొంచెం మారుతుంది. అప్పటి నుంచి డాక్టర్లు వయసు, బీపీ, సిగరెట్, షుగర్, కొలెస్ట్రాల్ కలిపి పదేళ్ల రిస్క్ గడతారు. అందులో అన్నిటికంటే బరువు తూగేది వయసే. అందుకని రిస్క్‌ను ఏటా చూసుకోవాలంటే కొత్త రక్తం అక్కర్లేదు. రెండేళ్ల కిందటి కొలెస్ట్రాల్ అంకెకు ఇప్పటి వయసు, ఇప్పటి బీపీ జోడిస్తే చాలు. రిస్క్ గీత దగ్గరికొచ్చిందనిపిస్తే అప్పుడు కొత్త టెస్ట్.

ఆడవాళ్ల విషయంలో అయిదేళ్ల పద్ధతి ఒకచోట తప్పుతుంది. నెలసరి ఆగిపోయే ఏడాదికి అటూ ఇటూ ఎల్‌డీఎల్ మెల్లగా కాక ఒక్క అంగలో పెరుగుతుంది. 46లో చేయించిన మంచి రిపోర్టు పట్టుకుని 51 దాకా నిశ్చింతగా ఉండకూడదు. నెలసరి ఆగి ఏడాది అయ్యాక ఒకటి చేయించుకుని, అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టాలి. అలాగే బరువు బాగా పెరిగినా, షుగరో బీపీయో కొత్తగా బయటపడినా, స్టెరాయిడ్లలాంటి మందులు నెలల తరబడి వాడాల్సి వచ్చినా గడువు దాకా ఆగక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ సహజంగానే ఎక్కువ, జ్వరంలోనూ ఆపరేషన్ తర్వాతా ఎల్‌డీఎల్ తగ్గి కనిపిస్తుంది. ఆ రోజుల రిపోర్టు ఫైల్లో పెట్టుకోవడమే దండగ.

75 దాటి, ఏ జబ్బూ లేకుండా ఉన్నవాళ్లకు ఎన్నేళ్లకోసారి అన్నదానికి గట్టి సమాధానం లేదు. ఆ వయసులో కొత్తగా కొలెస్ట్రాల్ మందు మొదలుపెడితే మేలెంతో తేల్చే ఆధారాలు తక్కువ. మందు వేసుకోవడం ఇష్టం లేనివాళ్లకు టెస్ట్ కూడా అక్కర్లేదనే నా అభిప్రాయం.

ఫైలాయన దగ్గరికి వస్తే, ఆయనను మూడు వారాలాగి ఇంకొకటి ఇవ్వమన్నాను. 124 వచ్చింది. 129తో కలిపి సగటు 126న్నర. ఫైలు అట్ట మీద ఆ అంకె, దాని కింద అయిదేళ్ల తర్వాతి పుట్టినరోజు తేదీ రాసిచ్చాను. "మధ్యలో ఒక్కసారి కూడా వద్దా?" అన్నారు. బీపీ మాత్రం ఏటా చూపించుకోమన్నాను.