ఏసీ కొన్నవాళ్లు అవుట్‌డోర్ మీది సీరియల్ నంబరు ఒకసారి చూసుకోండి: నా వారంటీ ఉత్తరం ఎందుకు తిరిగొచ్చిందంటే

నేను 2024 ఏప్రిల్ 14న విజయవాడలో ఒక షాపులో 1.5 టన్ను, 5 స్టార్ స్ప్లిట్ ఏసీ కొన్నాను. ఏడాది దాటాక అవుట్‌డోర్ యూనిట్‌లో సర్క్యూట్ బోర్డు పోయింది. వారంటీ కార్డు ప్రకారం మొత్తం మెషీన్‌కి ఏడాది, బోర్డుకి 5 ఏళ్లు, కంప్రెసర్‌కి 10 ఏళ్లు. కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. కంపెనీకి ఈమెయిల్ రాసి, బిల్లు, అవుట్‌డోర్ స్టిక్కర్ ఫోటో జత చేశాను. ఆరు రోజులకు జవాబొచ్చింది: "మీరు పంపిన ఫోటోలోని సీరియల్ నంబరు బిల్లులో ఉన్న మోడల్‌ది కాదు. క్లెయిమ్ తిరస్కరించాం."

మొదట నాకు అర్థం కాలేదు. బిల్లు తీసి, ఫోటో పెద్దది చేసి పక్కపక్కన పెట్టి చూశాను. బిల్లులోని నంబరు చివర 2086. ఫోటోలోది చివర 7731. నంబరు పైన ఉన్న మోడల్ పేరు కూడా వేరే. అది అదే కంపెనీ 3 స్టార్ ఏసీది. అంటే పదమూడు నెలలుగా మా గోడకి 5 స్టార్ ఇండోరూ, మేడ మీద 3 స్టార్ అవుట్‌డోరూ ఉన్నాయి. ఆ సంగతి కంపెనీకి చెప్పింది నేనే, నా చేత్తో తీసిన ఫోటోతో.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది మీ ఇంట్లోనూ జరిగి ఉండొచ్చు. స్ప్లిట్ ఏసీ రెండు అట్టపెట్టెల్లో వస్తుంది. లోపలి యూనిట్‌కి ఒక సీరియల్ నంబరు, బయటి యూనిట్‌కి ఇంకో నంబరు ఉంటాయి. షాపువాళ్లు బిల్లులో చాలాసార్లు ఒక్క నంబరే వేస్తారు, అది ఇండోర్‌ది. స్టార్ల లేబుల్ కూడా మామూలుగా ఇండోర్ మీదే అంటించి ఉంటుంది. మనం కుర్చీలో కూర్చుని అయిదు నక్షత్రాలు చూసి సరే అనుకుంటాం. అవుట్‌డోర్ మేడ మీద, గోడ వైపు తిరిగి ఉంటుంది, దాని పక్క రేకు మీద ఉన్న స్టిక్కర్ ఎవరు చూస్తారు?

పనితీరులో తేడా కూడా వెంటనే తెలియలేదు. ఒకే కంపెనీ, ఒకే రకం కావడంతో మా రెండు యూనిట్లూ కలిసి పనిచేశాయి, గది చల్లబడింది. ఒకే టన్నేజీలో 5 స్టార్ అవుట్‌డోర్‌కి సాధారణంగా కాయిల్ పెద్దది, బరువూ ఎక్కువ. అందుకే తక్కువ కరెంటుకి అంతే చల్లదనం ఇస్తుంది. నా ఇండోర్ లేబుల్ మీద ఏడాదికి 1600 గంటలు వాడితే 780 యూనిట్లు అని రాసి ఉంది. ఆ లెక్క రెండు యూనిట్లూ కలిసిన సెట్‌ది. సగం మారితే ఆ అంకెకి అర్థం లేదు. మొదటి వేసవిలో బిల్లు ఎక్కువొస్తే ఎండలు ఎక్కువని సరిపెట్టుకున్నాను.

షాపుకి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు, "మేడమ్, ఫోటోలో కంప్రెసర్ నంబరు పడిందేమో, అదే తేడా" అన్నాడు. నిజంగా అలా పొరపాటు పడేవాళ్లు ఉంటారు, అందుకే ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను. అవుట్‌డోర్ లోపల కంప్రెసర్‌కి దాని సొంత నంబరు ఉంటుంది. అది ఏసీ సీరియల్ నంబరు కాదు. అట్టపెట్టె మీద 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ కూడా సీరియల్ కాదు. అది ఆ మోడల్ మొత్తానికి ఒకటే. మీ పక్కింటివాళ్లు అదే మోడల్ కొంటే వాళ్ల పెట్టె మీదా అదే ఉంటుంది. మీకు కావలసింది రేటింగ్ ప్లేటు. వోల్టేజీ, గ్యాస్ పేరు, గ్యాస్ ఎన్ని గ్రాములు, ఇవన్నీ రాసి ఉండే స్టిక్కర్. మోడల్ పేరూ సీరియల్ నంబరూ రెండూ దాని మీదే ఉంటాయి. నేను తీసింది సరిగ్గా దాన్నే. మళ్లీ మేడెక్కి, ఈసారి మోడల్, సీరియల్ రెండూ ఒకే ఫ్రేములో వచ్చేలా, ఎండ మెరుపు పడకుండా తీశాను. 7731 మారలేదు.

అప్పుడు షాపు యజమాని గొంతు మారింది. "మేం ఇచ్చింది కరెక్టేనమ్మా. తర్వాత మీ దగ్గర ఏం మారిందో మాకేం తెలుసు?" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎక్కడో పాత యూనిట్ తెచ్చి బిగించుకుని ఉచితంగా బోర్డు అడుగుతున్నానన్నట్టు ఉంది ఆ మాట. అసలు సమస్య ఇదే. నంబరు కలవకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చాల్సిన భారం మన నెత్తిన పడుతుంది. బిగించిన మెకానిక్ కంపెనీ మనిషి కాదు, షాపువాళ్లు పంపిన మనిషి. కంపెనీ మనిషి వచ్చి ఉంటే ఇన్‌స్టలేషన్ జాబ్ షీట్‌లో రెండు నంబర్లూ మొదటి రోజే నమోదై ఉండేవి. నాకు ఆ కాగితమే లేదు.

నన్ను కాపాడినవి రెండు. ఒకటి పాత ఫోటో. డెలివరీ రోజు మా అబ్బాయి అట్టపెట్టె మీదెక్కి కూర్చుంటే సరదాగా తీశాను. పెద్దది చేసి చూస్తే వాడి కాలి పక్కన పెట్టె స్టిక్కర్ మీద 7731 కనిపిస్తోంది. ఫోన్‌లో ఫోటో వివరాల్లో తేదీ, సమయం ఉన్నాయి. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే అక్షరాలు చెరిగిపోతాయి, తేదీ వివరాలూ పోతాయి. అందుకే అసలు ఫైలునే ఈమెయిల్‌కి జత చేశాను.

రెండోది మా బావగారు చెప్పిన ఒక ప్రశ్న. ఆయన ఎలక్ట్రానిక్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు చూస్తారు. "కంపెనీ నుంచి సరుకు బయల్దేరేటప్పుడు ప్రతి పెట్టె సీరియల్ స్కాన్ అవుతుందమ్మా. ఆ 7731 ఏ డీలర్‌కి వెళ్లిందో అడుగు. అది నీకు అమ్మిన షాపుకే వెళ్లి ఉంటే, నువ్వు మార్చావన్న మాట నిలబడదు" అన్నారు.

మొదటి ఉత్తరంలో నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. అందులో "నా ఏసీ సీరియల్ నంబరు 2086" అని బిల్లు చూసి రాసేశాను, కింద 7731 ఉన్న ఫోటో పెట్టాను. చదివేవాళ్లకి అది అబద్ధంలాగే కనిపిస్తుంది. రెండో ఉత్తరం ఇంగ్లీషులో పంపాను. అందులోని ముఖ్యమైన భాగం తెలుగులో ఇది:

"బిల్లులో ఉన్న 2086 ఇండోర్ యూనిట్ నంబరు (ఫోటో 1). నాకు డెలివరీ అయిన అవుట్‌డోర్ యూనిట్ నంబరు 7731 (ఫోటో 2). ఇది నేను కొన్న మోడల్‌ది కాదని మీ జవాబు ద్వారానే తెలిసింది. డెలివరీ రోజు తీసిన ఫోటో 3లో పెట్టె మీద ఇదే నంబరు ఉంది. కొన్న రోజు నుంచి ఈ యూనిట్‌ను నేను మార్చలేదు. 7731ను, 2086తో జతగా పంపిన అసలు అవుట్‌డోర్‌ను మీరు ఏ డీలర్‌కు, ఏ తేదీన పంపారో రాతపూర్వకంగా తెలపండి. నేను డబ్బు చెల్లించిన 5 స్టార్ మోడల్ అవుట్‌డోర్‌ను 15 రోజుల్లో బిగించాలని కోరుతున్నాను."

చూడండి, ఇందులో బోర్డు రిపేరు అడగలేదు. 3 స్టార్ అవుట్‌డోర్‌కి బోర్డు వేయించుకుంటే ఆ యూనిట్‌ని ఒప్పుకున్నట్టే అవుతుంది. అడగాల్సింది సరైన యూనిట్. ఇదే ఉత్తరం షాపుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ హెల్ప్‌లైన్ తీర్పు ఇవ్వదు, కంపెనీతో మాట్లాడించి పెడుతుంది అంతే. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని e-jagriti.gov.in కూడా చూసి పెట్టుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

అంతదాకా వెళ్లాల్సిన అవసరం రాలేదు. కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబొచ్చింది: 7731 కూడా అదే షాపుకి, 2024 మార్చిలో, 2086 వెళ్లిన లోడ్‌లోనే వెళ్లింది. గోడౌన్‌లో పెట్టెలు తారుమారయ్యాయని యజమాని ఒప్పుకున్నారు. కావాలని చేశారని నేను అనను, నాకు ఆ ఆధారం లేదు. కానీ నా మీద నిందవేసే ముందు వాళ్ల దగ్గరే ఉన్న డెలివరీ చలానా ఒక్కసారి తీసి చూసి ఉంటే సరిపోయేది. అందులో రెండు పెట్టెల నంబర్లూ విడివిడిగా రాసి ఉన్నాయి.

జూలైలో కొత్త అవుట్‌డోర్ వచ్చింది. పెట్టె విప్పకముందే నంబరు చూశాను, విప్పాక ప్లేటు మీద మళ్లీ చూశాను. ఆ రోజు ఇంకో విషయం జరిగింది, అదీ చెప్పాలి. షాపు మనిషి ఒక కాగితం తెచ్చి, "సమస్య పరిష్కారమైంది, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న చోట సంతకం పెట్టమన్నాడు. పెట్టలేదు. ముందు రెండు నంబర్లతో సవరించిన బిల్లు ఇవ్వమన్నాను, కంపెనీ యాప్‌లో కొత్త అవుట్‌డోర్ నంబరు రిజిస్టర్ చేయించాను, వారంటీ తేదీ కనిపించాకే "యూనిట్ అందింది" అని మాత్రం రాసి సంతకం చేశాను. ఏడాదిపాటు 3 స్టార్ వాడినందుకు పోయిన కరెంటు డబ్బు ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాను.

ఇది ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం ఉంది. 2086తో జతగా వచ్చిన అసలు 5 స్టార్ అవుట్‌డోర్ ఇప్పుడు గోడౌన్‌లో లేదు. నాకిచ్చింది కొత్తగా తెప్పించిన యూనిట్. అంటే ఆ పెట్టె 3 స్టార్ ఏసీ కొన్న ఎవరింటికో వెళ్లిపోయింది. వాళ్లకి మంచి యూనిట్టే దొరికింది, కానీ రేపు అది పాడై వారంటీకి రాస్తే వాళ్లకీ ఇదే జవాబు వస్తుంది, ఇదే అనుమానం వాళ్ల మీదా పడుతుంది. 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో విజయవాడలో 3 స్టార్ స్ప్లిట్ ఏసీ కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈరోజే మేడెక్కి అవుట్‌డోర్ ప్లేటు ఫోటో తీసి బిల్లుతో పోల్చి చూడండి.