నిఫ్టీ పెరుగుతుందని గట్టి నమ్మకమా? ఆప్షన్ కొనాలా, అమ్మాలా, ఫ్యూచర్సా, ఇండెక్స్ ఫండా?

ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో నష్టపోయినవాళ్లను అడిగితే చాలామంది "మార్కెట్ నేననుకున్నట్టు కదల్లేదు" అంటారు. చాలాసార్లు అసలు సంగతి వేరు. మార్కెట్ అనుకున్నవైపే కదిలింది, డబ్బు మాత్రం పోయింది. ఇదెలా జరుగుతుందో తెలియాలంటే ఒకే అంచనాను నాలుగు దారుల్లో పెట్టి చూడాలి.

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం. రాబోయే ఐదు రోజుల్లో పెరుగుతుందని మీ నమ్మకం. లెక్క తేలిగ్గా ఉండటానికి లాట్ సైజు, అంటే ఒకేసారి కొనాల్సిన యూనిట్ల సంఖ్య, 75 అనుకుందాం (ఎక్స్ఛేంజ్ దీన్ని అప్పుడప్పుడు మారుస్తుంది). ఐదు రోజుల్లో ఎక్స్‌పైరీ, అంటే గడువు ముగింపు, ఉన్న 25,100 కాల్ ధర 120 రూపాయలు. ఆ గడువుకు నిఫ్టీ 25,100 కన్నా ఎన్ని పాయింట్లు పైన ఉంటే యూనిట్‌కు అన్ని రూపాయలు అందుకునే హక్కే ఈ కాల్. ఒక లాట్ కొంటే ఖర్చు 9,000.

ఎక్స్‌పైరీ రోజుకు నిఫ్టీ 25,200కు చేరింది. 200 పాయింట్లు పెరిగింది కాబట్టి మీ అంచనా నిజమైంది. కానీ ఆ కాల్ విలువ ఇప్పుడు 100 రూపాయలే. ఒక్కో యూనిట్‌కు 20 రూపాయల చొప్పున లాట్ మీద 1,500 పోయింది. లాభం మొదలవ్వాలంటే నిఫ్టీ 25,220 దాటాలి. మీరు కట్టిన ధరలో, అంటే ప్రీమియంలో, రాబోయే ఐదు రోజుల కదలికకు ఒక ధర ముందే కలిసి ఉంటుంది, మీరు కొన్నది దాన్ని కూడా. అందుకే పెరిగితే చాలదు, ఆ ధరలో లెక్కగట్టినదానికన్నా ఎక్కువ పెరగాలి, అదీ గడువులోపు. ఆ 200 పాయింట్లు ఎక్స్‌పైరీ మర్నాడు వచ్చినా మీకు ఉపయోగం లేదు.

మధ్యలోనే అమ్మేస్తే బాగుండేది కదా అనిపిస్తుంది. మొదటి రెండు రోజుల్లో నిఫ్టీ 50 పాయింట్లు పెరిగితే ఇలాంటి కాల్ సుమారు 20, 25 రూపాయలు పెరగాలి. ఈలోపు రెండు రోజుల కాలం కరిగిపోతుంది, ఆ అరుగుదల దాదాపు అంతే ఉంటుంది. స్క్రీన్ మీద నిఫ్టీ పచ్చగా ఉంటుంది, మీ పొజిషన్ మాత్రం కొన్న ధర దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. ఎన్నికల ఫలితాలు, బడ్జెట్ లాంటి రోజుల ముందు కొంటే ఇంకో చిక్కుంది. భయం వల్ల ప్రీమియంలు ఉబ్బి ఉంటాయి. వార్త వచ్చి అనిశ్చితి తీరగానే, నిఫ్టీ మీవైపు కదిలినా ప్రీమియం పడిపోవచ్చు.

దీని మీద ఛార్జీలు. ఆర్డర్‌కు 20 రూపాయల బ్రోకరేజీ అయితే కొనడానికి, అమ్మడానికి కలిపి 40. దానిపై జీఎస్టీ, అమ్మినప్పుడు ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు. మన ఉదాహరణలో ఒక్క రౌండ్‌కు 60 పైనే పడుతుంది. రోజుకు నాలుగు రౌండ్ల చొప్పున నెలలో 20 రోజులు చేస్తే 4,800. ఖాతాలో 50,000 ఉన్నవాడికి నెలకు దాదాపు పదో వంతు, లాభనష్టాలతో సంబంధం లేకుండా పోతుంది. ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ఆటలో ఛార్జీలు కూడా కలిపితే మొత్తం మీద అందరూ గెలవడం అసాధ్యం.

సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ఇదే చెబుతోంది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఛార్జీలు పోగా లక్ష రూపాయల పైన మిగిలింది ఒక శాతం మందికే. మరి ఆ డబ్బు ఎవరికి చేరింది? 2023–24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు, విదేశీ ఫండ్లు వేల కోట్లు లాభపడ్డాయి. ఆ లాభంలో 95 శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రాములు నడిపే అల్గో ట్రేడింగ్‌తో వచ్చిందే. నాకు మరీ ఆశ్చర్యమనిపించింది ఇంకోటి: వరుసగా నష్టపోయినవాళ్లలో కూడా నాలుగింట మూడొంతుల మందికి పైగా ఆట మానలేదు.

"కొనేవాళ్లు నష్టపోతే అమ్మేవాళ్లు బాగుపడాలి కదా" అని కొందరు రెండో దారి పడతారు. ఈ ఉదాహరణలో పెరుగుతుందని నమ్మేవాడు అమ్మాల్సింది పుట్, అంటే నిఫ్టీ పడితే కొన్నవాడికి డబ్బు వచ్చే ఆప్షన్. అమ్మితే చాలాసార్లు ప్రీమియం చేతికొస్తుంది, అందుకే నైపుణ్యం వచ్చేసిందనిపిస్తుంది. 2024 జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరింది, కాల్స్ అమ్మినవాళ్లకు దెబ్బ తగిలింది. మర్నాడు ఎన్నికల ఫలితాల రోజు 1,379 పాయింట్లు, అంటే దాదాపు 6 శాతం పడింది. ఆ రోజు పుట్స్ అమ్మి పెట్టుకున్నవాళ్ల నెలల సంపాదన ఒక్క పూటలో పోయే పరిస్థితి. లాభానికి పైకప్పు ఉండి, నష్టానికి అంత లోతు ఉండే బేరం చిన్న ఖాతాకు సరిపోదు.

మూడో దారి ఫ్యూచర్స్, అంటే ముందే ఖాయం చేసుకున్న ధరకు నిఫ్టీని కొనే ఒప్పందం. ఇందులో కాలం అరుగుదల బాధ లేదు గానీ పరిమాణం భయపెడుతుంది. ఒక లాట్ అంటే 25,000 × 75, అంటే 18.75 లక్షల రూపాయల పందెం. ముందు కట్టాల్సిన హామీ సొమ్ము, అంటే మార్జిన్, రెండు లక్షల పైచిలుకే కాబట్టి చేతిలో ఉన్నది రెండు లక్షల వ్యాపారమేనని అనిపిస్తుంది. ఒక శాతం పడితే 18,750 పోయినట్టే. నష్టం ఆ రోజుకారోజు ఖాతాలోంచి కోస్తారు. సర్దకపోతే బ్రోకర్ పొజిషన్ మూసేస్తాడు, తర్వాత మార్కెట్ మీవైపు తిరిగినా సరే.

ఇక నాలుగో దారి. అదే 9,000 నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోనో ఈటీఎఫ్‌లోనో పెడితే, నిఫ్టీ 0.8 శాతం పెరిగిన ఆ వారంలో మీ లాభం 72 రూపాయలు. నవ్వొస్తుంది కదా. ఆ నవ్వే జనాన్ని ఆప్షన్ల వైపు తోస్తుంది. కానీ పక్కనే పెట్టి చూడండి: అదే అంచనా, అదే డబ్బు, ఒకచోట 72 లాభం, ఇంకోచోట 1,500 నష్టం. ఫండ్‌కు ఎక్స్‌పైరీ లేదు. 2020లో జనవరి గరిష్ఠం నుంచి మార్చి 23కు నిఫ్టీ 38 శాతం పడింది, నవంబర్‌కల్లా తేరుకుంది. ప్రతిసారీ అంత త్వరగా జరగదు. 2008 జనవరి నాటి స్థాయిని మళ్లీ అందుకోవడానికి 2013 చివరిదాకా పట్టింది. అందుకని రెండుమూడేళ్లలో పిల్లల ఫీజుకో ఇంటికో కావాల్సిన డబ్బుకు ఇండెక్స్ ఫండ్ కూడా సురక్షితం కాదు, దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచడమే నయం.

నా ఓటు కూడబెట్టే డబ్బుకు ఇండెక్స్ ఫండ్‌కే. అయినా ఆప్షన్ల మీద మనసు లాగుతుంటే, ఒంటి కాల్ కొనే బదులు స్ప్రెడ్ చూడండి. 25,100 కాల్ 120కి కొని, 25,300 కాల్ 55కి అమ్మితే నికరంగా 65 అవుతుంది. గరిష్ఠ నష్టం 4,875. నిఫ్టీ 25,200 దగ్గర ముగిస్తే, ఒంటి కాల్ నష్టపోయిన చోటే దీనికి ఛార్జీలకు ముందు 2,625 లాభం. ప్రతిగా, 25,300 దాటాక ఎంత పెరిగినా మీకు అదనంగా ఏమీ రాదు, ఛార్జీలు రెండు కాల్స్‌కూ పడతాయి. తప్పుదిశలో పోతే పెట్టిందంతా పోతుంది కాబట్టి దీన్ని సురక్షితమని మాత్రం అనను. నష్టం ఎంతో ముందే తెలుస్తుంది, అంతే.

ఇప్పటికే నష్టపోయి ఉంటే ఒక పని మరచిపోవద్దు. పన్ను లెక్కలో ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం. జీతంతో సర్దుకోవడానికి కుదరదు గానీ, గడువులోపు ఐటీఆర్-3 దాఖలు చేస్తే 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి వ్యాపార లాభాలతో సర్దుకోవచ్చు. గడువు దాటితే ఆ వెసులుబాటు పోతుంది.